సైట్‌లో మారిన డిజైన్, దాని ఖర్చు: కాంట్రాక్టర్‌కు ఆర్కిటెక్ట్ లేఖ రాసే పద్ధతి

"సైట్‌లో నోటిమాటగా మార్పు చెప్పాం. కాంట్రాక్టర్ అదనపు బిల్లు పంపాడు. ఇప్పుడు లేఖలో ఏం రాయాలి?" ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఒక లేఖ రాసి ఉంటారు. అందులో మార్పు ఎందుకు చేశామన్నది రెండు పేరాలుంటుంది, ఖర్చు గురించి మాత్రం "ఒప్పందం ప్రకారం చూసుకుందాం" అని ఒక్క వాక్యం ఉంటుంది. గొడవంతా ఆ ఒక్క వాక్యం దగ్గరే మొదలవుతుంది.

డబ్బు లెక్క ఒక్క విషయం మీద తిరుగుతుంది: మీరు మార్పు చెప్పిన రోజున పని ఎంతవరకు వచ్చింది? ఒకే మార్పుకు, పక్కపక్కనే ఉన్న రెండు కిటికీల్లో రెండు రకాల ఖర్చు రావచ్చు. ఈ మార్గదర్శి అంతా దాని చుట్టూనే నడుస్తుంది. ఉదాహరణగా ఒకే కేసు తీసుకుని చివరిదాకా లెక్క కడదాం. అంకెలకు కరెన్సీ పెట్టలేదు, రేట్లు కూడా లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. మీ ఒప్పందంలో ఉన్న రేట్లు వేసుకోండి.

## 1. ముందు తేల్చుకోండి: ఇది వివరణా, మార్పా?

డ్రాయింగ్‌లో ఉన్నదే, కానీ కాంట్రాక్టర్‌కు అర్థం కాలేదు. మీరు విడమరిచి చెప్పారు. ఇది వివరణ. దీనికి అదనపు డబ్బు ఉండదు.

డ్రాయింగ్‌లో ఒకటుంది, మీరు ఇంకొకటి కట్టమన్నారు. ఇది మార్పు. దీనికి లెక్క కట్టాలి. ఆ లెక్క పెరగవచ్చు, తగ్గవచ్చు, సున్నా కూడా కావచ్చు.

మధ్యలో ఒక మసక జాగా ఉంది. రెండు డ్రాయింగులు ఒకదానితో ఒకటి పొసగవు: ప్లాన్‌లో కిటికీ వెడల్పు 1200 మి.మీ. అని, కిటికీల పట్టికలో 1500 అని ఉంటుంది. మీరు "1500 సరైనది" అంటారు. మీ దృష్టిలో అది వివరణ. కాంట్రాక్టర్ మాత్రం 1200కే ధర వేశాడు. ఇలాంటప్పుడు ఏ పత్రానిది పైచేయి అని ఒప్పందంలో వరుస రాసి ఉందేమో చూడండి. ఉంటే అదే తీర్పు. లేకపోతే ధర వేసేటప్పుడు అతను ఏ పత్రం చూసి వేశాడో అడిగి, దాన్నిబట్టి నడవండి.

ఇక్కడో మాట సూటిగా చెప్పాలి. డిజైన్‌లో మనవైపు లోపం ఉన్నప్పుడు "స్పష్టీకరణ" అనే పేరుతో మార్పును దాటించేయాలనిపిస్తుంది. పనిచేయదు. కాంట్రాక్టర్ పాత రివిజన్, కొత్త రివిజన్ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, లేఖ పరువు పోతుంది. మార్పును మార్పు అనే రాయండి. లోపం ఎవరిదన్నది ఓనర్‌కూ మీకూ మధ్య విషయం, ఆ చర్చ కాంట్రాక్టర్ లేఖలోకి రాకూడదు.

## 2. నోటిమాటకు గడువు ఉందేమో చూడండి

లేఖ మొదలుపెట్టే ముందు ఒప్పందం తెరిచి రెండు చోట్లు చదవండి: మౌఖిక ఆదేశాల గురించిన క్లాజు, మార్పులకు ధర కట్టే క్లాజు. ఒప్పందాన్నిబట్టి నియమం ఎంత మారుతుందో మూడు ప్రసిద్ధ ఒప్పంద ఫారాల్లో చూడవచ్చు.

అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య ఫిడిక్ వారి 1999 రెడ్ బుక్‌లో ఇంజనీర్ నోటితో చెప్పిన ఆదేశాన్ని కాంట్రాక్టర్ రెండు పని దినాల్లో రాతపూర్వకంగా ధ్రువీకరించి పంపవచ్చు. అది అందాక రెండు పని దినాల్లో ఇంజనీర్ తిరస్కరించకపోతే ఆ ధ్రువీకరణే రాతపూర్వక ఆదేశం అయిపోతుంది. అంటే మీరు మౌనంగా ఉంటే అతను రాసుకున్న మాటలే మీ మాటలవుతాయి.

బ్రిటన్‌లో వాడే జేసీటీ 2016 స్టాండర్డ్ బిల్డింగ్ కాంట్రాక్ట్‌లో నోటి ఆదేశానికి వెంటనే బలం ఉండదు. కాంట్రాక్టర్ 7 రోజుల్లో ధ్రువీకరించాలి, అది అందాక ఆర్కిటెక్ట్ 7 రోజుల్లో కాదనకపోతే అప్పుడు అమల్లోకి వస్తుంది.

అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ ఏఐఏ వారి ఏ201-2017లో ధరనూ గడువునూ కదిలించని చిన్న మార్పును ఆర్కిటెక్ట్ ఒక్కరే రాతపూర్వకంగా ఆదేశించవచ్చు. అది ధరను కదిలిస్తుందని కాంట్రాక్టర్‌కు అనిపిస్తే పని మొదలుపెట్టకుండా ముందు చెప్పాలి. ధర మారే ఛేంజ్ ఆర్డర్ మీద ఓనర్, కాంట్రాక్టర్, ఆర్కిటెక్ట్ ముగ్గురూ సంతకం పెట్టాలి.

మీ ఒప్పందం ఈ మూడూ కాకపోవచ్చు. అయినా మూడు సంగతులు వెతకండి: ఎన్ని రోజుల్లో రాతలో పెట్టాలి, మీరు మాట్లాడకపోతే ఏమవుతుంది, ఖర్చు పెరిగే ఆదేశం ఇచ్చే అధికారం మీకు ఉందా లేక ఓనర్ ఆమోదం కావాలా. మూడోది తేలకుండా లేఖలో అంకె వేయవద్దు.

## 3. చెప్పిన రోజునే పని దశను పట్టుకోండి

లేఖ వారం తర్వాత రాసినా ఫర్వాలేదు, ఈ పని మాత్రం ఆ రోజే జరగాలి. పగలగొట్టాక గోడ ఎంతవరకు కట్టి ఉందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

చేయాల్సింది ఇంతే:

- మార్పు తగిలే ప్రతి చోటినీ విడిగా ఫొటో తీయండి. గోడ మీద సుద్దతో కిటికీ నంబరు రాసి, టేపు పట్టి తీస్తే తర్వాత వాదన ఉండదు.
- కట్టిన ఎత్తు, కిటికీ పైన పోసిన లింటెల్ అనే దూలం పొడవు, వెడల్పు, మందం కొలవండి. కాంట్రాక్టర్ తరఫు సూపర్‌వైజర్ పక్కనుండాలి.
- ఆ కొలతల కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టండి. ఇది ధర ఒప్పుకోవడం కాదు, కొలత ఒప్పుకోవడం మాత్రమే అని అదే కాగితం మీద రాయండి.
- ఫ్రేములు, గ్లాసు, టైల్స్ లాంటివి ఆర్డర్ పెట్టారా, కోత మొదలైందా అని అడగండి. "ఆర్డర్ ఇచ్చేశాం సార్" అన్న మాట చాలదు. సరఫరాదారు నుంచి వచ్చిన రాత చూడాలి.
- ఈలోగా ఏ పని ఆపాలో, ఏది సాగించాలో చెప్పండి. మార్పు చెప్పాక కూడా పాత డ్రాయింగ్ ప్రకారం రెండు రోజులు పని నడిస్తే ఆ ఖర్చు ఎవరిదన్నది కొత్త తగాదా.

## 4. మన కేసు

మొదటి అంతస్తు దక్షిణ గోడలో డబ్ల్యూ3 రకం కిటికీలు మూడు. ఫ్రేమ్ నిర్మాణం కాబట్టి ఇది బరువు మోయని 230 మి.మీ. ఇటుక గోడ. డ్రాయింగ్‌లో కిటికీ 1200 వెడల్పు, 1350 ఎత్తు. 12వ తేదీన సైట్‌లో ఓనర్ గదిలోకి వెలుతురు చాలదన్నారు. ఆర్కిటెక్ట్ అక్కడికక్కడే మూడు కిటికీలనూ 1800 వెడల్పు చేయమన్నారు. రెండు పక్కలా 300 చొప్పున పెంచాలి. ఎత్తు, కిటికీ అడుగు అంచైన సిల్ మట్టం మారవు.

ఆ రోజు పని దశ ఇది:

- 1, 2 నంబరు కిటికీలు: గోడ లింటెల్ అడుగు మట్టం వరకు వచ్చింది, లింటెల్ పోసేశారు. లింటెల్ మీద, పక్కల ఇంకా ఇటుక పెట్టలేదు.
- 3వ కిటికీ: గోడ సిల్ మట్టం దగ్గరే ఉంది.
- ప్లాస్టరింగ్ ఎక్కడా మొదలుకాలేదు.
- ఫ్రేముల తయారీకి గీసిన షాప్ డ్రాయింగ్ ఆమోదం అయింది. కోత మొదలుకాలేదని సరఫరాదారు రాసి ఇచ్చాడు.

పాత లింటెల్ 1600 పొడవు, అంటే ఓపెనింగ్‌కు రెండు పక్కలా 200 చొప్పున ఆనిక. మందం 150. కొత్త ఓపెనింగ్ అంచు పాత ఆనికను దాటి పోతుంది కాబట్టి పాత లింటెల్‌ను పొడిగించడం కుదరదు, పూర్తిగా తీసేయాలి. స్ట్రక్చరల్ ఇంజనీర్ కొత్తదానికి 2200 పొడవు, 200 మందం, కడ్డీల వివరం ఇచ్చారు. ఆ స్కెచ్ చేతికి వచ్చేదాకా పగలగొట్టే పని మొదలుపెట్టనివ్వకూడదు.

13న కాంట్రాక్టర్ తన లెక్క పంపాడు. కొత్త లింటెళ్లు 150, మూడు కిటికీల దగ్గర పగలగొట్టడం 135, కిటికీల తేడా 708. మొత్తం 993.

## 5. లెక్క కట్టే క్రమం

### 5.1 ముందు తగ్గింపులు

చాలా బిల్లుల్లో అదనం మాత్రమే ఉంటుంది. మార్పు వల్ల చేయనక్కర్లేని పని ముందు రాయండి. అయితే తగ్గింపు అంటే ఇంకా చేయని పని మాత్రమే. ఆర్కిటెక్టులు పొరబడేది సరిగ్గా ఇక్కడే.

ఓపెనింగ్ ఒక్కో కిటికీకి 0.6 × 1.35 = 0.81 చ.మీ. పెరిగింది, 230 గోడలో అది 0.186 ఘ.మీ. ఇటుక పని. మూడింటికీ ఇది తగ్గించాలనిపిస్తుంది. కానీ 1, 2 కిటికీల దగ్గర కాంట్రాక్టర్ ఆ ఇటుక ఒప్పందం ప్రకారమే కట్టాడు. దానికి డబ్బు రావాల్సిందే. కట్టించి, పగలగొట్టించి, కట్టిన కూలీ కూడా తగ్గించడం న్యాయం కాదు, నిలవదు కూడా. ఆ కొలత మామూలు బిల్లులో అలాగే ఉండాలి. పాత లింటెళ్లు రెండింటిదీ ఇదే సంగతి.

కాబట్టి ఇటుక పనిలో తగ్గేది: 3వ కిటికీ దగ్గర 0.186, దానికితోడు కొత్త లింటెల్ పెద్దది కావడం వల్ల మూడు చోట్లా ఇంకా పెట్టాల్సిన ఇటుకలో కలిపి 0.138. మొత్తం 0.32 ఘ.మీ. రేటు 200 అయితే 64.

పాత లింటెల్ 3వ కిటికీకి పోయనక్కర్లేదు: 1.6 × 0.23 × 0.15 = 0.06 ఘ.మీ. రేటు 500 అయితే 30.

ప్లాస్టరింగ్, రంగు ఎక్కడా మొదలుకాలేదు కాబట్టి మూడింటికీ తగ్గుతుంది. రెండు ముఖాలకు 1.62 చ.మీ., అందులో పైన పెరిగే రివీల్, అంటే ఓపెనింగ్ లోపలి అంచు ముఖం, తీసేస్తే కిటికీకి సుమారు 1.5. మూడింటికి 4.5 చ.మీ., రేటు 12 చొప్పున 54. ఓపెనింగులను ఎలా తగ్గించాలో మీ ఒప్పందంలోని కొలత పద్ధతి చెబుతుంది. కొన్ని పద్ధతులు చిన్న ఓపెనింగులను అసలు తగ్గించవు, కొన్ని ఒక ముఖానికే తగ్గిస్తాయి. ఇక్కడ రెండు ముఖాలకూ తగ్గించే నియమం ఉందనుకున్నాం.

పాత సైజు కిటికీలు మూడు, ఒక్కొక్కటి 324. కోత కాలేదు కాబట్టి పూర్తిగా తగ్గింపు: 972.

తగ్గింపుల మొత్తం 1120.

### 5.2 ఒప్పందంలో రేటు ఉన్న అదనపు పని

కొత్త లింటెల్ ఒక్కోటి 2.2 × 0.23 × 0.20. మూడింటికి 0.30 ఘ.మీ., రేటు 500 చొప్పున 150. పని స్వభావం, చేసే పరిస్థితి మారనప్పుడు ఒప్పందం రేటే వేయాలి. కడ్డీలు, సెంట్రింగ్ ఆ రేటులో కలిసి ఉన్నాయో విడి ఐటెంలో ఉన్నాయో మాత్రం చూసుకోండి. మన కేసులో కలిసే ఉన్నాయి.

### 5.3 ఒప్పందంలో రేటు లేని పని

కట్టిన గోడ కోయడం, లింటెల్ తీయడం ఏ ఐటెంలోనూ లేదు. ఇలాంటి చిన్న పనికి ఉత్తమమైన దారి గంటల లెక్క. మేస్త్రి 8 గంటలు, సహాయకులు 16 గంటలు అని ఏ రోజుకారోజు రాసిన చీటీ మీద రెండు వైపులా సంతకాలున్నాయి. గంటకు 3, 2 చొప్పున 24 + 32 = 56. కోత యంత్రం, శిథిలాలు మోయించడం 34. మొత్తం 90.

ఇది రెండు కిటికీలకే. మూడో కిటికీ దగ్గర పగలగొట్టడానికి ఏమీ లేదు. కాంట్రాక్టర్ మూడింటికీ 45 చొప్పున వేశాడు. 3వ విభాగంలో చెప్పిన ఫొటో లేకపోతే ఈ 45 ఎందుకు ఇవ్వనక్కర్లేదో వాదించడం చాలా కష్టం.

### 5.4 రేటు ఉన్నా సరిపోని పని

1800 కిటికీకి పట్టికలో ధర లేదు. పాత ధరను చదరపు మీటర్ల లెక్కన పెంచితే 324 × 2.43 ÷ 1.62 = 486. కాంట్రాక్టర్ 560 అంటున్నాడు. ఎవరిది సరి?

రెండూ కాకపోవచ్చు. గ్లాసు విస్తీర్ణంతో పెరుగుతుంది, ఫ్రేము చుట్టుకొలతతో పెరుగుతుంది. కానీ రెండు రెక్కల కిటికీ మూడు రెక్కలది అయితే బందులు, గడియలు, మధ్య నిలువు కమ్మీ అదనంగా వస్తాయి. విస్తీర్ణపు లెక్క వీటిని పట్టుకోదు. అందుకని ఇక్కడ గట్టి అంకె వేయవద్దు. 486ను తాత్కాలికంగా పెట్టి, సరఫరాదారు కొటేషన్ విడి భాగాలుగా అడగండి. తాత్కాలికం అని స్పష్టంగా రాసిన అంకె వల్ల ఎవరికీ టెన్షన్ ఉండదు. పని ఆగదు, మాట మార్చారన్న నింద కూడా రాదు.

తాత్కాలికంగా 3 × 486 = 1458.

### 5.5 నికరం

అదనం: 150 + 90 + 1458 = 1698. తగ్గింపు 1120. నికరంగా 578 పెరుగుతుంది. ఇందులో కిటికీల తేడా 486 తాత్కాలికం, మిగిలిన 92 ఖాయం. ఈ రెండింటినీ లేఖలో విడివిడిగానే చూపించండి.

## 6. లేఖలో ఏది ముందు, ఏది వెనుక

వరుస ఇది: ఏం చెప్పాం, ఎప్పుడు చెప్పాం, ఇప్పుడు ఏం కట్టాలి, చెప్పిన రోజున పని ఎక్కడుంది, ఖర్చు, గడువు, కాంట్రాక్టర్ ఏం చేయాలి, ఎప్పటిలోగా.

మార్పు కారణానికి ఒక్క వాక్యం చాలు. ఎక్కువ రాస్తే అది సంజాయిషీలా వినిపిస్తుంది, ఖర్చు పేరా దాని వెనక దాక్కుంటుంది.

గడువు గురించి తప్పకుండా ఒక వాక్యం ఉండాలి, ప్రభావం లేదనుకున్నా సరే. మీరు ఏమీ రాయకపోతే ఆరు నెలల తర్వాత ఆలస్యానికి కారణాల జాబితాలో ఈ మూడు కిటికీలు కనిపిస్తాయి.

## 7. నమూనా లేఖ

తేదీ: 15
విషయం: మొదటి అంతస్తు దక్షిణ గోడ, డబ్ల్యూ3 కిటికీల వెడల్పు మార్పు, ఖర్చు ప్రభావం
సూచిక: 12న సైట్‌లో మౌఖిక ఆదేశం, 12న ఉమ్మడి కొలతల కాగితం, 13న మీరు పంపిన 993 అంచనా
ప్రతులు: ఓనర్, స్ట్రక్చరల్ ఇంజనీర్

కాంట్రాక్టర్ గారికి నమస్కారం.

1. 12వ తేదీన సైట్‌లో నేను మౌఖికంగా ఇచ్చిన ఆదేశాన్ని ఈ లేఖతో ధ్రువీకరిస్తున్నాను. గదిలో వెలుతురు కోసం ఓనర్ గారు కోరిన మార్పు ఇది. ఖర్చు పెరుగుదలకు వారి రాతపూర్వక ఆమోదం 14న అందింది.

2. డబ్ల్యూ3 కిటికీలు మూడింటినీ 1200 × 1350 బదులు 1800 × 1350 మి.మీ.గా కట్టగలరు. రెండు పక్కలా 300 చొప్పున పెంచాలి. సిల్ మట్టం, ఎత్తు మారవు. లింటెల్ 2200 పొడవు, 230 వెడల్పు, 200 మందం, కడ్డీలు జతపరిచిన స్కెచ్ ప్రకారం. డ్రాయింగ్ ఏ-204 రివిజన్ బి స్థానంలో రివిజన్ సి జత చేశాను. సైట్‌లో ఉన్న పాత ప్రతుల మీద రద్దు అని గుర్తు పెట్టగలరు.

3. మార్పు చెప్పిన రోజున 1, 2 కిటికీల దగ్గర గోడ లింటెల్ అడుగు వరకు, లింటెల్‌తో సహా పూర్తయింది. 3వ కిటికీ దగ్గర గోడ సిల్ మట్టంలో ఉంది. ప్లాస్టరింగ్ మొదలుకాలేదు. ఫ్రేముల కోత మొదలుకాలేదని సరఫరాదారు రాతలో తెలిపారు.

4. 1, 2 కిటికీల దగ్గర కట్టి తీసేసిన ఇటుక పనికి, రెండు పాత లింటెళ్లకు మామూలు బిల్లులో ఒప్పందం రేటు చెల్లుతుంది. మార్పు లెక్కలో వాటిని తగ్గించలేదు.

5. ఖాయమైన లెక్క: కొత్త లింటెళ్లు 150, పగలగొట్టడం 90 కలిపి అదనం 240. ఇటుక పని 64, 3వ కిటికీ పాత లింటెల్ 30, ప్లాస్టరింగ్, రంగు 54 కలిపి తగ్గింపు 148. నికర అదనం 92.

6. తాత్కాలిక లెక్క: కిటికీలు కొత్తవి 1458, పాతవి 972, తేడా 486. ఇది విస్తీర్ణం లెక్కన వేసినది. ఫ్రేము, గ్లాసు, హార్డ్‌వేర్, బిగింపు విడివిడిగా చూపే కొటేషన్ 22వ తేదీలోగా పంపితే ఖాయం చేస్తాను.

7. మీ అంచనాలో పగలగొట్టడం మూడు కిటికీలకు ఉంది. పేరా 3 ప్రకారం 3వ కిటికీ దగ్గర ఆ పని లేదు కాబట్టి 45 ఒప్పుకోలేదు. మీ అంచనాలో చూపని తగ్గింపులు పేరా 5లో చేర్చాను.

8. పేరా 5, 6 కలిపి ఇప్పటికి నికర అదనం 578. కిటికీల ధర ఖాయమైతే ఈ అంకె స్థానంలో కొత్త అంకె వస్తుంది.

9. ఈ మార్పు పని పూర్తి గడువును కదిలించదని నా అంచనా. ప్లాస్టరింగ్ షెడ్యూల్ ప్రకారం ముందు ఉత్తర భాగంలో మొదలవుతుంది. మీ అభిప్రాయం వేరైతే ఒప్పందం చెప్పిన గడువులో, షెడ్యూల్‌లో ఏ పని ఎన్ని రోజులు కదిలిందో చూపుతూ తెలపగలరు.

10. పేరా 3లోని వాస్తవాల్లో తేడా ఉంటే 18వ తేదీలోగా రాయగలరు.

ఇట్లు,
ఆర్కిటెక్ట్

జతపరిచినవి: డ్రాయింగ్ ఏ-204 రివిజన్ సి, లింటెల్ స్కెచ్, ఉమ్మడి కొలతల కాగితం, గంటల చీటీలు, ఫొటోలు, సరఫరాదారు రాత.

లేఖలోని 4వ పేరా కాంట్రాక్టర్‌కు అనుకూలమైనది. అతను అడగలేదు కదా అని దాన్ని వదిలేయకండి. అతనికి రావాల్సింది మీరే ముందు రాసిచ్చాక, 7వ పేరాలో కాదన్న 45 మీద అతను పెద్దగా పట్టుబట్టడు. పైగా ఇద్దరి మధ్య ధర కట్టేటప్పుడు ఆర్కిటెక్ట్ ఓనర్ తరఫు వకీలులా ఉండకూడదు.

## 8. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

"ఖర్చు తర్వాత మాట్లాడుకుందాం" అని రాయడం. ఇది ఏ అంకెకైనా తలుపు తెరిచినట్టే. అంకె తెలియకపోతే లెక్క కట్టే పద్ధతైనా రాయండి: ఏ ఐటెం ఒప్పందం రేటుతో, ఏది గంటల చీటీతో, ఏది కొటేషన్‌తో.

ఒకే లేఖలో రెండు మూడు మార్పులు కలపడం. కిటికీల మార్పు, మెట్ల రెయిలింగ్ మార్పు ఒకే మొత్తంలో పెడితే ఒకదానిలో తగాదా వచ్చినప్పుడు రెండోదాని చెల్లింపూ ఆగిపోతుంది. మార్పుకొక లేఖ, లేఖకొక సంఖ్య.

డ్రాయింగ్ రివైజ్ చేయకుండా లేఖ మాత్రమే పంపడం. లేఖ ఆఫీసు ఫైలులో ఉంటుంది, మేస్త్రి చేతిలో పాత డ్రాయింగ్ ఉంటుంది. మారిన చోట చుట్టూ మబ్బు గీత గీసి, రివిజన్ అక్షరం మార్చి పంపండి.

ఫోన్ మెసేజీనే లేఖ అనుకోవడం. ఒప్పందం ఏ దారిలో పంపితే నోటీసు చెల్లుతుందంటుందో ఆ దారిలోనే పంపాలి. పని తొందరగా మొదలవ్వాలంటే మెసేజీ పంపండి, వెనకే లేఖ రావాలి.

లేఖ ఆలస్యం కావడం. పని అయిపోయాక రాయాల్సి వస్తే వెనక తేదీ వేయవద్దు. ఈ రోజు తేదీ వేసి, "ఫలానా తేదీన మౌఖికంగా ఇచ్చిన ఆదేశానికి ధ్రువీకరణ" అని రాయండి. ఫొటోలు లేకపోతే సైట్ డైరీ, కాంక్రీట్ పోసిన రోజు రిజిస్టర్, మెటీరియల్ చలాన్లతో పని దశను తిరిగి కూర్చవచ్చు. ఏ ఆధారంతో చెబుతున్నారో 3వ పేరాలో పేర్కొనండి.

కాంట్రాక్టర్ తనంతట తాను చేసిన మార్పును మీ ఆదేశంలా ధ్రువీకరించడం. అతను మిమ్మల్ని అడగకుండా కిటికీ జరిపేశాడు, చూస్తే బాగానే ఉంది, ఉంచేద్దామనుకున్నారు. అప్పుడు "ఇది నా ఆదేశం కాదు, అలాగే ఉంచడానికి అభ్యంతరం లేదు, దీనివల్ల ధర గానీ గడువు గానీ పెరగదు" అని రాయాలి. ఉత్త ఆమోదం రాస్తే అది మీరు చేయించిన మార్పే అవుతుంది.

## 9. పంపే ముందు చెక్‌లిస్ట్

- నేను మాట చెప్పిన తేదీ, లేఖ తేదీ రెండూ వేరువేరుగా ఉన్నాయా?
- ఓనర్ ఆమోదం చేతికి వచ్చాకే అంకె వేశానా?
- ప్రతి చోటి పని దశ విడిగా రాశానా, లేక అన్నింటినీ ఒకే గాటన కట్టానా?
- కట్టేసిన పనిని పొరపాటున తగ్గింపులో పెట్టానా?
- ఖాయం, తాత్కాలికం, ఒప్పుకోనిది అని మూడూ విడిగా కనిపిస్తున్నాయా?
- స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడాల్సినది చూశారా?
- గడువు గురించి వాక్యం ఉందా?
- రివైజ్ చేసిన డ్రాయింగ్ జత చేశానా, పాతది రద్దన్నానా?

## 10. జవాబు వచ్చాక

కొటేషన్ వచ్చిందనుకుందాం. మూడు రెక్కల కిటికీ విడి భాగాల లెక్కతో ఒక్కోటి 530 తేలింది. హార్డ్‌వేర్ వరుసలో బందుల సంఖ్య, గడియల సంఖ్య షాప్ డ్రాయింగ్‌తో సరిపోతున్నాయో చూడండి. బిగింపు కూలీ పాత 324లో కలిసే ఉంది కాబట్టి కొటేషన్‌లో ఒక్కసారే రావాలి, కాంట్రాక్టర్ బిల్లులో విడిగా మళ్లీ రాకూడదు. అన్నీ సరిపోతే 3 × 530 = 1590, తేడా 618.

అప్పుడు రెండో లేఖ నాలుగు వాక్యాలే. మొదటి లేఖ సంఖ్య, తేదీ చెప్పండి. పేరా 6లోని తాత్కాలిక 486 స్థానంలో 618 ఖాయమైందని, పేరా 5లోని 92 మారలేదని రాయండి. ఈ మార్పు మొత్తం ఖర్చు 710 అని, ఇది మొదటి లేఖలోని 578కి కలిపేది కాదు, దాని బదులు వచ్చేది అని విడమరచండి. చివరగా, రాబోయే బిల్లులో దీన్ని ఏ మార్పు సంఖ్య కింద చూపాలో చెప్పండి.